వాచీ లేని నడకకు ఫోన్ లెక్క: ఏ యాప్‌ను ఎంతవరకు నమ్మాలి?

కొత్తగా వాకింగ్ మొదలుపెట్టినవాళ్లు బూట్ల సంగతి తర్వాత అడిగే రెండో ప్రశ్న, "ఏ యాప్ వేసుకోమంటారు?" అని. ప్లే స్టోర్‌లో వెతికితే ఒకదాన్ని పోలిన ఒకటి పదుల కొద్దీ కనబడతాయి. అన్నీ తమ లెక్కే కచ్చితమని చెప్పుకుంటాయి. ఈ ఎంపికలో తల బద్దలు కొట్టుకునే ముందు ఒక సంగతి తెలిస్తే సగం గందరగోళం తీరిపోతుంది. ఈనాటి ఫోన్లలో అడుగులు లెక్కపెట్టేది చాలావరకు యాప్ కాదు, ఫోన్ లోపల ఉన్న సెన్సర్. యాప్ చేసేది ఆ అంకెను తీసుకుని తేదీల వారీగా రాసిపెట్టి, బొమ్మలు గీసి చూపించడం. ఒకే ఫోన్‌లో నాలుగు యాప్‌లు వేసినా నాలుగూ అదే సెన్సర్‌ను అడిగి రాసుకుంటాయి. కాబట్టి "ఏ యాప్ కచ్చితం?" అన్న ప్రశ్న కంటే "నా ఫోన్ నా అడుగులను ఎంతవరకు పట్టుకుంటోంది?" అన్న ప్రశ్నే ముందు తేల్చుకోవలసింది.

ఫోన్ అడుగును ఎలా గుర్తిస్తుంది? ప్రతి స్మార్ట్‌ఫోన్‌లోనూ యాక్సిలరోమీటర్ అనే చిన్న సెన్సర్ ఉంటుంది. ఫోన్ వేగం ఎటు, ఎంత మారిందో అది మూడు దిశల్లో కొలుస్తుంది. మనిషి నడిచేటప్పుడు పాదం నేలను తాకిన ప్రతిసారీ ఒంట్లో చిన్న కుదుపు పుడుతుంది. మామూలు నడకలో ఇవి సెకనుకు దాదాపు రెండు చొప్పున, ఒకే లయలో వస్తాయి. ఆ లయ కనబడితే అది నడక అనీ, లేకపోతే వేరే కదలిక అనీ ఫోన్ తేల్చుకుంటుంది. ఒకటి రెండు కుదుపులకే లెక్క మొదలుపెడితే ఫోన్ చేతిలోకి తీసుకున్నా అడుగు పడిపోతుంది. అందుకని చాలా ఫోన్లు వరుసగా కొన్ని అడుగులు పడేదాకా ఆగి, నడకేనని నమ్మకం కుదిరాక వెనకటివి కూడా కలిపి చూపిస్తాయి. వంటింట్లో స్టవ్ దగ్గర్నుంచి సింక్‌కు, సింక్ నుంచి ఫ్రిజ్‌కు మూడేసి అడుగులు వేస్తూ పొద్దంతా తిరిగిన మనిషికి, ఫోన్ దగ్గరే ఉన్నా అడుగులు తక్కువ కనబడటానికి ఇదొక కారణం.

ఈ పని తక్కువ బ్యాటరీతో రోజంతా జరగడం 2013లో మొదలైంది. ఆ ఏడాది ఐఫోన్ 5ఎస్‌లో కదలికల లెక్క కోసమే ప్రత్యేకంగా ఎం7 అనే చిన్న చిప్ పెట్టారు. అదే ఏడాది ఆండ్రాయిడ్ 4.4లో స్టెప్ కౌంటర్ సెన్సర్‌కు చోటిచ్చారు. అంతకు ముందు యాప్‌లే యాక్సిలరోమీటర్‌ను ఎడతెగకుండా చదువుతూ కూర్చోవలసి వచ్చేది. మధ్యాహ్నానికి ఛార్జింగ్ అయిపోయేది, తెర లాక్ అయితే లెక్క ఆగిపోయేది. చవక ఫోన్లలో కొన్నింటికి ఈ సెన్సర్ ఇప్పటికీ ఉండదు. వాటిలో పాత తిప్పలే ఎదురవుతాయి.

మరి వాచీ లేకుండా ఫోన్ ఒక్కదాన్నే నమ్మవచ్చా? దీనికి రెండు పరిశోధనలు రెండు వైపుల నుంచి జవాబిస్తాయి. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో ప్రచురించిన పరిశోధనలో 14 మంది చేత ట్రెడ్‌మిల్ మీద 500 అడుగులు, 1,500 అడుగులు నడిపించారు. ఫోన్లు జేబుల్లో, బ్యాండ్లు చేతులకు పెట్టి, మనుషులే కళ్లతో చూసి అడుగులు లెక్కపెట్టారు. ఫోన్ యాప్‌ల లెక్క అసలు అడుగుల కంటే సుమారు 7 శాతం తక్కువకూ 6 శాతం ఎక్కువకూ మధ్యనే ఉంది. చేతి బ్యాండ్లలో ఒకటైతే దాదాపు 23 శాతం తక్కువ చూపించింది. అంటే జేబులో ఉన్న ఫోన్ వాచీకి తీసిపోదు. నడుముకు దగ్గరగా ఉంటుంది కాబట్టి, చేయి ఊపినా ఊపకపోయినా దానికి కుదుపు అందుతుంది.

రెండోది 2018లో కెనడా పరిశోధకులు ఐఫోన్ల మీద చేసిన పని. మామూలు వేగంతో పరీక్షశాలలో నడిపించినప్పుడు ఫోన్ లెక్క బాగానే కుదిరింది. అవే ఫోన్లు మామూలు రోజుల్లో వాడుకునేటప్పుడు, నడుముకు పెట్టిన కొలత పరికరంతో పోలిస్తే అడుగుల లెక్క ఐదో వంతుకు పైగా తగ్గింది. మనిషి వెళ్లిన ప్రతి చోటికీ ఫోన్ వెళ్లదు కదా. టేబుల్ మీద, ఛార్జింగ్‌లో, పిల్లల చేతుల్లో ఉండిపోతుంది. నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో అతి ముఖ్యమైన తేడా ఇదే. ఫోన్ "నా రోజు" ఎంతో చెప్పలేదు, "నా వాకింగ్" ఎంతో చాలా బాగా చెప్పగలదు. వాచీ లేనివాళ్లు మొదటి అంకె కోసం ఆరాటపడటం మానేసి రెండో దాన్ని పట్టుకుంటే ఏ లోటూ ఉండదు.

దేశాల మధ్య పోలికలు చదివేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోవాలి. 2017లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం 111 దేశాల్లో ఏడు లక్షల మందికి పైగా ఫోన్ల నుంచి అడుగుల లెక్క తీసుకుంది. ప్రపంచ సగటు రోజుకు 4,961 అడుగులు, భారతదేశానిది 4,297. ఆ అంకెలను పట్టుకుని మనవాళ్లు నడవరని తీర్పు చెప్పిన వార్తలు చాలా వచ్చాయి. అవన్నీ ఫోన్ వెంట ఉన్నప్పుడు పడిన అడుగులు మాత్రమే. పొలంలోనో వంటింట్లోనో ఫోన్ లేకుండా తిరిగిన అడుగులు ఆ లెక్కలో లేవు.

ఇక ఫోన్ ఎక్కడ పెట్టుకోవాలన్న సంగతి. ప్యాంటు ముందు జేబు అన్నిటికంటే మంచిది. చొక్కా జేబు కూడా పనికొస్తుంది. అసలు చిక్కు మన ఆడవాళ్లకు వస్తుంది. చీరకు జేబుండదు, చాలా చుడీదార్లకూ ఉండదు. ఫోన్‌ను చేత్తో పట్టుకుని నడిస్తే చేయి సహజంగా ఊగుతున్నంతసేపు లెక్క బాగానే ఉంటుంది. తెర చూస్తూనో, చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడుతూనో నడిస్తే చేయి కదలదు, కుదుపులో కొంత మోచేతి దగ్గరే ఆగిపోతుంది, అడుగులు తప్పిపోవచ్చు. భుజానికి వేలాడే పెద్ద హ్యాండ్‌బ్యాగ్‌లో పెడితే బ్యాగ్ తన పద్ధతిలో తాను ఊగుతుంది, లెక్క పెరగనూ వచ్చు, తగ్గనూ వచ్చు. నడుముకు కట్టుకునే బెల్టు పౌచ్ దీనికి చక్కటి పరిష్కారం. వాచీకి పెట్టే డబ్బులో చిన్న వంతుతో వస్తుంది. చీర మీదైనా కుచ్చిళ్లకు పక్కగా బిగుతుగా కట్టుకుంటే సరిపోతుంది. ట్రెడ్‌మిల్ మీద నడిచేవాళ్లు ఫోన్‌ను ముందున్న స్టాండులో పెట్టి పాటలు వింటుంటారు. ఆ ఫోన్ దృష్టిలో వాళ్లు ఒక్క అడుగైనా వేయలేదు.

మీ ఫోన్ సంగతి తేల్చుకోవడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. వంద అడుగుల పరీక్ష ఒకటి చాలు. యాప్ తెరిచి అప్పటి అంకె కాగితం మీద రాసుకోండి. తెర లాక్ చేసి, ఫోన్‌ను మీరు రోజూ పెట్టుకునే చోటే పెట్టుకుని, మనసులో లెక్కపెడుతూ ఆగకుండా సరిగ్గా 100 అడుగులు నడవండి. ఆగాక వెంటనే చూడకండి. సెన్సర్ అంకె యాప్‌కు చేరడానికి కొన్ని సెకన్లు పడుతుంది కాబట్టి అర నిమిషం ఆగి చూడండి. 95కూ 105కూ మధ్య పెరిగి ఉంటే నిశ్చింతగా వాడుకోవచ్చు. 70, 80 దగ్గర ఆగిందంటే ఫోన్ పెట్టిన చోటు మార్చి మళ్లీ చూడండి. అసలు ఏమీ పెరగకుండా, యాప్ తెరిచి పట్టుకుని నడిస్తేనే పెరుగుతోందంటే ఫోన్‌లో స్టెప్ కౌంటర్ సెన్సర్ లేదన్నా అనుకోవాలి, లేదా ఫోన్ ఆ యాప్‌ను వెనక నుంచి ఆపేస్తోందన్నా అనుకోవాలి. ఇంకో చిన్న పరీక్ష కూడా ఉంది. స్కూటర్ మీదనో ఆటోలోనో గతుకుల రోడ్డు మీద వెళ్లే ముందు ఒకసారి, దిగాక ఒకసారి అంకె చూడండి. నడవకుండానే వందల్లో పెరిగిందంటే మీ రోజు మొత్తం లెక్కలో ఆ మేరకు గాలి ఉన్నట్టే. వాకింగ్‌కు ముందూ తర్వాతా అంకె చూసుకునేవాళ్లకు దీనితో ఇబ్బంది లేదు.

మెల్లగా, పాదం ఈడ్చినట్టు నడిచే పెద్దవాళ్ల విషయంలో మాత్రం ఫోన్ నిజంగానే తడబడుతుంది. కుదుపు చిన్నదై లయ తెగిపోతే సెన్సర్ దాన్ని నడకగా గుర్తించదు. మోకాలి ఆపరేషన్ అయ్యాక కర్ర పట్టుకుని నడిచేవారి లెక్క ఫోన్‌లో తక్కువ కనబడితే ఆ మనిషిని తప్పుపట్టకూడదు. అలాంటి వారికి అడుగుల కంటే నిమిషాల లెక్కే నమ్మదగింది.

వంద అడుగుల పరీక్షలో ఫోన్ నెగ్గినా, వారం తిరిగేసరికి కొందరికి మధ్యాహ్నం నుంచి లెక్క నిలిచిపోతుంటుంది. ఇది ఆండ్రాయిడ్ ఫోన్లలో మామూలు జబ్బు. బ్యాటరీ మిగల్చడానికి చాలా కంపెనీల ఫోన్లు వెనక నడిచే యాప్‌లను తామే మూసేస్తాయి. సెన్సర్ మాత్రం లెక్కపెడుతూనే ఉంటుంది. ఆ అంకెను రాసుకునే యాప్ లేకుండా పోతుంది. రెడ్‌మీ లాంటి ఫోన్లలో యాప్ గుర్తును నొక్కి పట్టుకుని "App info" లోకి వెళ్లి "Autostart" ఆన్ చేయాలి, "Battery saver" లో "No restrictions" ఎంచుకోవాలి. శాంసంగ్‌లోనూ, మరికొన్నింటిలోనూ బ్యాటరీ దగ్గర "Unrestricted" అని ఉంటుంది. ఆండ్రాయిడ్ 10 నుంచి ఇంకో తాళం కూడా వచ్చింది. "Physical activity" పర్మిషన్ ఇవ్వకపోతే యాప్‌కు సెన్సర్ అంకె అందదు. యాప్ వేసుకునేటప్పుడు అడిగిన వాటికన్నిటికీ వద్దని నొక్కేవాళ్లు ఈ ఒక్కటీ ఇవ్వాలి.

ఆండ్రాయిడ్ స్టెప్ కౌంటర్‌కు మరో స్వభావం ఉంది. ఫోన్ ఆన్ అయినప్పటి నుంచి ఎన్ని అడుగులు పడ్డాయో మాత్రమే దానికి తెలుసు, తేదీలు తెలియవు. ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్లీ సున్నా నుంచి మొదలు. ఈ రోజు ఎన్ని, నిన్న ఎన్ని అన్నది యాప్ తీసివేత చేసుకుని రాసుకోవాలి. చివరిసారి రాసుకున్న తర్వాత ఛార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగిపోతే, ఆ మధ్యలో పడిన అడుగులు కొన్ని యాప్‌లలో మాయమవుతాయి. వాకింగ్ అవగానే ఒకసారి యాప్ తెరిచి చూడటం ఇందుకు మంచి అలవాటు. తెరవగానే అది లెక్క రాసేసుకుంటుంది. ఐఫోన్‌లో ఈ బాధ లేదు, ఫోనే వెనక రాసిపెడుతుంది.

ఇప్పుడు యాప్‌ల సంగతికి వద్దాం. ఐఫోన్ ఉన్నవాళ్లకు నా సలహా ఒక్కటే, వేరే యాప్ వెతక్కండి. ఫోన్‌తో వచ్చిన హెల్త్ యాప్ అడుగులు తనే రాస్తుంది. 2022లో వచ్చిన ఐఓఎస్ 16 నుంచి ఫిట్‌నెస్ యాప్ కూడా వాచీ లేకుండానే పనిచేస్తోంది. ఐఫోన్ 8, ఆ తర్వాతి ఫోన్లు ఇంకొంచెం ముందుకెళ్లి నడక వేగం, అడుగు పొడవు, రెండు కాళ్ల మధ్య తేడా కూడా అంచనా కడతాయి. దానికి ఎత్తు సరిగ్గా నింపి ఉండాలి, ఫోన్ నడుము దగ్గర ఉండాలి.

శాంసంగ్ ఫోన్ అయితే శాంసంగ్ హెల్త్ చాలు. ఫోన్‌తోనే వస్తుంది, సొంత కంపెనీ యాప్ కాబట్టి ఫోన్ దాన్ని మూసెయ్యదు, అడుగుల పేజీ శుభ్రంగా ఉంటుంది. మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లకు 2014లో వచ్చిన గూగుల్ ఫిట్ చాలాకాలం తేలికైన సమాధానంగా ఉండేది. ఇప్పుడు దాన్ని కొత్తవాళ్లకు సిఫారసు చేయడానికి నేను వెనకాడతాను. ఇతర యాప్‌లు గూగుల్ ఫిట్‌తో లెక్కలు పంచుకునే ఏర్పాటును 2026లో ముగిస్తామని గూగుల్ ప్రకటించి, అందరినీ హెల్త్ కనెక్ట్ వైపు మళ్లిస్తోంది. హెల్త్ కనెక్ట్ ఆండ్రాయిడ్ 14 నుంచి ఫోన్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. వేర్వేరు యాప్‌లు ఆరోగ్యపు లెక్కలు ఒక చోట దాచుకుని, మీరు ఒప్పుకుంటేనే ఒకదానితో ఒకటి పంచుకునే గది లాంటిది అది. కొత్తగా ఏ యాప్ ఎంచుకున్నా అది హెల్త్ కనెక్ట్‌తో కలుస్తుందో లేదో చూసుకోండి. కలిస్తే రేపు యాప్ మార్చినా, వాచీ కొన్నా పాత లెక్కలు చాలావరకు వెంట వస్తాయి. ఒక్క జాగ్రత్త చెప్పాలి. రెండు మూడు యాప్‌లు ఒకే నడకను అందులో రాస్తుంటే అంకెలు తేడాగా కనబడతాయి. అడుగుల దగ్గర ఏ యాప్ మాట ముందు వినాలో అందులోనే ఎంచుకోవచ్చు. అంతకంటే సులువు, ఒక్క యాప్ ఉంచి మిగతావి తీసేయడం.

ఖాతాలు, ప్రకటనలు ఏవీ వద్దనుకునేవాళ్లకు ఎఫ్-డ్రాయిడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దుకాణంలో పిడోమీటర్ లాంటి చిన్న యాప్‌లున్నాయి. జర్మనీ పరిశోధకుల బృందం సెక్యూసో తయారుచేసిన ప్రైవసీ ఫ్రెండ్లీ పిడోమీటర్ కూడా ఇదే కోవలోది. లెక్క ఫోన్ దాటి బయటకు పోదు. చూడటానికి ఆకర్షణగా ఉండవు కానీ కావలసిన పని చేసిపెడతాయి. స్ట్రావా చాలామందికి తెలిసిన పేరే అయినా అది రోజువారీ అడుగుల యాప్ కాదు. జీపీఎస్‌తో దారి గీసి దూరం చెప్పేది. విశాఖ బీచ్ రోడ్డులాంటి తిన్నని బయలు దారిలో జీపీఎస్ దూరం బాగా కుదురుతుంది. చెట్లు కమ్ముకున్న చిన్న పార్కులో చుట్లు తిరిగినా, అపార్ట్‌మెంట్ల మధ్య సందుల్లో నడిచినా గీత అడ్డదిడ్డంగా పోతుంది. మేడ మీద ఎనిమిది ఆకారంలో నడిచేవాళ్లకు అది దండగ. వాళ్లకు అడుగులు, నిమిషాలే ఆధారం.

అడుగులకు నాణేలిచ్చే యాప్‌లు మరో రకం. మన దేశంలో స్టెప్‌సెట్‌గో ఇలాంటిదే, 2020లో కేంద్ర ప్రభుత్వం నడిపిన ఆత్మనిర్భర్ యాప్ పోటీలో ఆరోగ్య విభాగంలో గెలిచింది కూడా. మొదటి నెలలో ఉత్సాహం కోసం వేసుకుంటే తప్పు లేదు. కానీ నాణెం కోసం యాప్ చూడటం మొదలయ్యాక ప్రకటనలు, ఆఫర్ల మధ్య నడక లెక్క వెనక్కి పోతుంది. ఫోన్‌ను ఊపుతూ దొంగ అడుగులు వేసే యంత్రాలు సైతం ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారంటే ఆ పోటీ ఎటు పోతోందో తెలుస్తుంది. కేంద్ర ప్రభుత్వపు ఫిట్ ఇండియా యాప్ 2021 ఆగస్టు 29న వచ్చింది. అడుగుల లెక్కతో పాటు వయసు వారీగా ఇంట్లో చేసుకోదగ్గ దేహ దారుఢ్య పరీక్షలు అందులో ఉన్నాయి. అవి ఉపయోగకరం.

యాప్ ఏదైనా, అది అడిగే పర్మిషన్లు చూస్తే దాని స్వభావం తెలుస్తుంది. అడుగులు లెక్కపెట్టడానికి "Physical activity" చాలు. దారి గీసే యాప్‌కు నడిచేటప్పుడు మాత్రమే లొకేషన్ కావాలి. అడుగుల యాప్ మీ కాంటాక్టులు, ఎల్లవేళలా లొకేషన్ అడిగిందంటే తీసేయండి. రోజూ ఒకే వేళకు ఇంటి గుమ్మం నుంచి మొదలై అక్కడే ముగిసే దారిని నలుగురికీ కనబడేలా పంచుకోవడం, ముఖ్యంగా ఒంటరిగా నడిచే ఆడవాళ్లకు, మంచిది కాదు. స్ట్రావాలో మొదలు, చివర దాచే వీలుంది. ముందే పెట్టుకోండి.

లెక్క చేతికొచ్చాక దాంతో ఏం చేయాలి? ఇక్కడ యాప్‌లు అంతగా చెప్పని ఒక అంకె ఉంది, నిమిషానికి ఎన్ని అడుగులు అన్నది. నిమిషానికి 100 అడుగులు దాటితే పెద్దవాళ్లలో అది గుండెకు పనికొచ్చే మధ్యస్థ వేగం అని పరిశోధకులు స్థూలంగా ఒక గీత గీశారు. మనిషిని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది కానీ మొదలుపెట్టేవారికి ఇంతకంటే సులువైన కొలబద్ద లేదు. దీనికి గుండె వేగం చూపే వాచీ అక్కర్లేదు. గూగుల్ ఫిట్ ఇచ్చే హార్ట్ పాయింట్లు కూడా, వాచీ లేనివారి నడకలో ఈ గీత మీదే ఆధారపడతాయి.

ఒక లెక్క చేసి చూద్దాం. గుంటూరులో 54 ఏళ్ల గృహిణి ఒకరు, ఎత్తు 152 సెంటీమీటర్లు, కొత్తగా నడక మొదలుపెట్టారనుకుందాం. బెల్టు పౌచ్‌లో ఫోన్. బయల్దేరే ముందు యాప్ 640 చూపించింది. అర గంట నడిచి వచ్చాక 3,490. అంటే నడకలో 2,850 అడుగులు, 30 నిమిషాలకు భాగిస్తే నిమిషానికి 95. "అర గంట చెమటోడ్చినా ఈ యాప్ ఒక్క పాయింటూ ఇవ్వలేదేమిటి?" అని ఆవిడ కినుక వహిస్తే తప్పు యాప్‌ది కాదు. ఆవిడ గీతకు ఐదు అడుగుల దూరంలో ఆగిపోయారు. ఇక్కడ రోజుకు ఇంకో రెండు వేల అడుగులు పెంచమనడం కంటే, అదే అర గంటలో మధ్య పది నిమిషాలు కొంచెం చురుగ్గా, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో నడవమనడం మేలు. ఆ పది నిమిషాల ముందూ తర్వాతా అంకె చూసుకుంటే 1,000కి పైగా పెరగాలి. అది కుదిరాక పదిని పదిహేను చేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ, అంటే ఇలాంటి చురుకైన అర గంటలు ఐదు.

ఆవిడ యాప్ ఆ రోజు దూరం 2 కిలోమీటర్లు చూపించింది. అది ఒప్పా? యాప్ అడుగుకు 70 సెంటీమీటర్లని అనుకుని గుణించింది. ఆవిడ దగ్గర్లోని స్టేడియంలో 400 మీటర్ల ట్రాక్ మీద, లోపలి గీత పక్కగా రెండు చుట్లు తిరిగి చూస్తే 800 మీటర్లకు 1,380 అడుగులు పడ్డాయి. అంటే అడుగు 58 సెంటీమీటర్లు. ఆ లెక్కన 2,850 అడుగులకు నిజంగా నడిచింది 1.65 కిలోమీటర్లే. లోపలి వరుసే ఎందుకంటే, బయటి వరుసకు పోయేకొద్దీ చుట్టు పెరుగుతుంది, ఎనిమిదో వరుసలో అది 450 మీటర్లు దాటుతుంది. చాలా యాప్‌లలో అడుగు పొడవు మనమే నింపుకునే చోటుంటుంది. ట్రాక్ అందుబాటులో లేకపోతే ఎత్తు సరిగ్గా నింపినా తప్పు చాలావరకు తగ్గుతుంది.

క్యాలరీల అంకెను మాత్రం పట్టించుకోవద్దంటాను. 60 కిలోల మనిషి చురుగ్గా అర గంట నడిస్తే ఖర్చయ్యేది సుమారు 105 కిలోక్యాలరీలు. అందులో 30 దాకా కదలకుండా కూర్చున్నా ఖర్చయ్యేవే. మిగిలిన 75, ఒక పెద్ద చెంచా నెయ్యిలో ఉన్న దానికంటే తక్కువ. కొన్ని యాప్‌లు నడకకు అయిన ఖర్చు ఒక్కటే చూపిస్తే, కొన్ని ఊపిరి తీయడానికి, ఒళ్లు వెచ్చగా ఉండటానికి అయ్యే రోజు మొత్తం ఖర్చూ కలిపి పదిహేను వందలు, రెండు వేలు చూపిస్తాయి. ఆ పెద్ద అంకె చూసి సాయంత్రం ఇంకో ప్లేటు బజ్జీలు తినేవాళ్లకు వాకింగ్ చేస్తూ బరువు పెరగడం ఎందుకో అంతుపట్టదు.

పది వేల అడుగుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. యాప్ తెరవగానే కనబడే ఆ గురి వైద్యులు పరీక్షించి పెట్టినది కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అమ్మిన అడుగుల మీటర్ పేరులో ఉన్న అంకె అది. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్లున్న 16 వేల మందికి పైగా స్త్రీలను గమనించిన అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగుల వారి కంటే 4,400 అడుగుల వారిలో మరణాలు స్పష్టంగా తక్కువ. 7,500 దగ్గర ఆ లాభం నిలకడకు వచ్చింది. 2022లో 15 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు 60 దాటినవారికి 6,000 నుంచి 8,000, అంతకంటే చిన్నవారికి 8,000 నుంచి 10,000 దగ్గర లాభం నిలకడకు వస్తున్నట్టు తేలింది. ఈ అధ్యయనాల్లో అడుగులు ఒంటికి కట్టుకున్న పరికరాలతో లెక్కపెట్టారు. ఫోన్‌లో రోజు మొత్తం అంకె అంతకంటే తక్కువ కనబడటం సహజం. అందుకే మొదటి వారం ఏమీ మార్చకుండా ఉన్న లెక్క రాసుకుని, దాని సగటు మీద ఐదొందలో వెయ్యో కలిపి గురి పెట్టుకోండి. ఆ అంకె అలవాటయ్యాక మళ్లీ కలపండి. వాట్సాప్ గ్రూపులో ఇంకొకరు పెట్టిన స్క్రీన్‌షాట్‌తో పోల్చుకోకండి. వాళ్ల ఫోన్ వేరు, పెట్టుకునే చోటు వేరు, అడుగు పొడవు వేరు. మీ ఫోన్ రోజూ ఒకే చోట ఉండి రోజూ ఐదు శాతం తప్పు చూపినా, ఈ నెల మీ లెక్కను పోయిన నెల లెక్కతో నిక్కచ్చిగా పోల్చుకోవచ్చు.

మరి వాచీ ఎప్పుడు కొనాలి? నడుస్తూ గుండె వేగం గమనించుకోమని డాక్టర్ చెప్పినప్పుడు, లేదా చేసే పని వల్ల ఫోన్ ఒంటి మీద పెట్టుకునే వీలు అసలు లేనప్పుడు. రెండో కారణానికి కూడా వాచీ తప్పనిసరి కాదు, నడుముకు తగిలించుకునే చిన్న పిడోమీటర్ చాలా తక్కువలో వస్తుంది. ఈ రెండూ కాకపోతే మొదటి ఆరు నెలలు వాచీ మీద డబ్బు పెట్టకండి. ఈ సాయంత్రం మీ ఫోన్‌కు వంద అడుగుల పరీక్ష పెట్టి, నెగ్గితే అందులో ఉన్న యాప్‌తోనే రేపటి నడక మొదలుపెట్టండి.